మార్కెటింగ్ బడ్జెట్: అమ్మకాల్లో శాతమా, లక్ష్యం నుంచి వెనక్కి లెక్కా?

మొదటి_బడ్జెట్:
చిన్న వ్యాపారాల ఖాతాలు రాసుకునే సాఫ్ట్‌వేర్ మాది, ఏడాది చందా మీద నడుస్తుంది. పోయిన ఏడాది అమ్మకాలు 60 లక్షలు. మా ఫైనాన్స్ హెడ్ అందులో 10 శాతం, అంటే 6 లక్షలు మార్కెటింగ్‌కి ఇస్తానంటున్నారు. నేనేమో 600 మంది కొత్త చందాదారులు కావాలంటే ఏమేం చేయాలో రాసుకుని, దానికెంత అవుతుందో అంత అడగాలనుకుంటున్నాను. ఎవరిది సరైన పద్ధతి?

ఖాతా_పుస్తకం:
మీ ఫైనాన్స్ హెడ్‌దే. నేనూ ఆ కుర్చీలోనే కూర్చుంటాను కాబట్టి పక్షపాతం అనుకోవచ్చు, కానీ కారణం వినండి. శాతం పద్ధతిలో డబ్బు ఎప్పుడూ చేతికి మించదు. అమ్మకాలు తగ్గితే ఖర్చూ తగ్గుతుంది, జీతాలకు ఇబ్బంది రాదు. లక్ష్యం పద్ధతిలో ఏం జరుగుతుందో నేను కళ్లారా చూశాను. ఒక కంపెనీలో ముగ్గురు మేనేజర్లు ఎలాగూ కోత పడుతుందని తలా కొంత పెంచి రాశారు. నేను అందరికీ ఒకే లెక్కన 20 శాతం కోశాను. మరుసటి ఏడాది అందరూ అంతకంటే ఎక్కువ పెంచుకుని వచ్చారు. నిజాయితీగా రాసేవాడు ఉండి ఉంటే వాడే నష్టపోయేవాడు. అప్పటి నుంచి ఆ కాగితాల మీద నమ్మకం పోయింది.

నీలి_సిరా:
ఖాతా_పుస్తకం గారు చెప్పిన ఆ జబ్బు నిజమే. కానీ శాతం పద్ధతికి దానికంటే పాత జబ్బు ఒకటుంది. ప్రకటన వల్ల అమ్మకం వస్తుందని నమ్మే కదా డబ్బు పెడతాం? మరి ఆ డబ్బు ఎంతో తేల్చేది అమ్మకాలే అయితే ఫలితం కారణాన్ని నిర్ణయిస్తున్నట్టు. అమ్మకాలు పడిపోయి కొత్త కస్టమర్లు అత్యవసరమైన ఏడాదే బడ్జెట్ తగ్గుతుంది. మార్కెట్ ఊపు మీద ఉండి ఏమీ చేయకపోయినా అమ్ముడుపోయే ఏడాది డబ్బు పొంగి పొర్లుతుంది.

ఇంకో సంగతి. ఆ 10 ఎక్కడి నుంచి వచ్చింది? చాలాచోట్ల జవాబు 'ఎప్పటి నుంచో అంతే' అని. అది లెక్క కాదు, అలవాటు.

తొలి_అడుగు:
నా అనుభవం చెబుతాను. మేం కొత్త ఉత్పత్తి మొదలుపెట్టినప్పుడు శాతం పద్ధతే పాటించాం. పోయిన ఏడాది అమ్మకాలు సున్నా, సున్నాలో ఎంత శాతమైనా సున్నాయే. అందుకని వచ్చే ఏడాది అంచనా అమ్మకాల్లో శాతం తీసుకున్నాం. తీరా చూస్తే ఆ అంచనా వేసింది, మార్కెటింగ్‌కి ఇంత పెడతామని ముందే అనుకుని! రెండూ ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలబడ్డాయి. మూడు నెలలకు అంచనా తప్పిందని తెలిసింది, బడ్జెట్ కోసేశారు, దాంతో అంచనా ఇంకా తప్పింది.

రంగుల_పోస్టర్:
ఇంత చర్చ దేనికండీ? సెర్చ్ ప్రకటనలకు సగం, సోషల్ మీడియాకు పావు, మిగతాది కంటెంట్‌కి పెట్టండి. మేం అలాగే చేస్తాం.

తొలి_అడుగు:
ఆయన అడిగింది ఎలా పంచాలని కాదండీ, మొత్తం ఎంత ఉండాలని. పంపకం ఆ తర్వాతి మాట.

మొదటి_బడ్జెట్:
నా లెక్క కూడా పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి. ట్రయల్ వాడిన ఐదుగురిలో ఒకరు డబ్బు కడతారు, కాబట్టి 600 మందికి 3,000 ట్రయళ్లు కావాలి. సైట్‌కి వచ్చిన 20 మందిలో ఒకరు ట్రయల్ తీసుకుంటారు, అంటే 60,000 విజిట్లు. విజిట్‌కి ఖర్చు 10. మొత్తం 6 లక్షలు. విచిత్రంగా ఫైనాన్స్ వాళ్ల అంకెకే వచ్చింది, అందుకే కాస్త అనుమానంగా ఉంది.

నీలి_సిరా:
అనుమానం సరైనదే. మీ లెక్కలో మూడు లింకులున్నాయి, ఒక్కోటీ ఒక ఊహ. ఒక్కొక్కదాన్ని కొంచెం కదిపి చూడండి. డబ్బు కట్టేది ఐదుగురిలో కాక ఆరుగురిలో ఒకరనుకుందాం. ట్రయల్ తీసుకునేది 20 మందిలో కాక 25 మందిలో ఒకరు. విజిట్ ఖర్చు 10 కాక 12. ఏదీ పెద్ద తప్పు కాదు, మూడూ రోజూ జరిగేవే. ఇప్పుడు 3,600 ట్రయళ్లు, 90,000 విజిట్లు, 10 లక్షల 80 వేలు. దాదాపు రెట్టింపు. ఈ తప్పులు ఒకదానితో ఒకటి కూడుకోవు, గుణించుకుంటాయి. లక్ష్యం పద్ధతి అసలు బలహీనత ఇదేనని నా అభిప్రాయం. కాగితం మీద శాస్త్రంలా కనిపిస్తుంది, కానీ ఏ పనికి ఎంత ఫలితమన్నది మనకు ముందు తెలియదు.

విజిట్ ఖర్చు పెరుగుతుందని ఊరికే అనలేదు. మీ సాఫ్ట్‌వేర్ కోసం ఇప్పటికే వెతుకుతున్నవాళ్లు ముందు దొరుకుతారు, చవగ్గా దొరుకుతారు. వాళ్లు అయిపోయాక ఆసక్తి తక్కువున్నవాళ్ల దగ్గరికి వెళ్లాలి. అక్కడ క్లిక్కూ ఖరీదే, క్లిక్ చేసినవాళ్లు కొనడమూ తక్కువే.

ఖాతా_పుస్తకం:
చూశారా, నేనన్నదీ అదే. దానికంటే శాతమే నయం.

నీలి_సిరా:
ఆగండి, అక్కడికి దూకకూడదు. లెక్క తప్పినా, ఎక్కడ తప్పిందో ఇందులో కనిపిస్తుంది. శాతంలో అదీ కనిపించదు.

ముందు లక్ష్యాన్నే అడుగుదాం. మొదటి_బడ్జెట్ గారూ, చందా ఎంత? ఏటా ఎంతమంది రెన్యూ చేస్తారు?

మొదటి_బడ్జెట్:
ఏడాదికి 2,500. ఇప్పుడు 2,400 మంది ఉన్నారు. నాలుగింట మూడొంతుల మంది రెన్యూ చేస్తారు. సపోర్ట్, సర్వర్ ఖర్చులు పోగా చందాలో 60 శాతం మిగులుతుంది.

నీలి_సిరా:
అయితే ఏటా 600 మంది వెళ్లిపోతున్నారు. మీరు తేవాలనుకున్నదీ 600 మందినే. అంటే మీ లక్ష్యం ఎదుగుదల కాదు, ఉన్నచోట నిలబడటం. లక్ష్యం పద్ధతి ఈ ప్రశ్న అడగదు. ఏ లక్ష్యమిచ్చినా దానికి బిల్లు వేసి ఇస్తుంది. ఆ లక్ష్యం అంత ఖర్చుకు తగినదా అని విడిగా చూసుకోవాలి.

అది చూడాలంటే సగటు ఖర్చు చాలదు. 10 లక్షల 80 వేలను 600తో భాగిస్తే మనిషికి 1,800, బాగానే ఉంది. ఇప్పుడు 500 మందికే ప్లాన్ వేయండి. 75,000 విజిట్లు చాలు, అంత లోతుకు వెళ్లక్కర్లేదు కాబట్టి విజిట్ ఖర్చు 10.40 దగ్గర ఆగిందనుకుందాం, 7 లక్షల 80 వేలు. అంటే చివరి 100 మందికి అయ్యేది 3 లక్షలు, తలకు 3,000. మీకు ఒక చందాదారుడి మీద మొదటి ఏడు మిగిలేది 1,500. రెండో ఏడు నూటికి 75 మందే ఉంటారు కాబట్టి సగటున 1,125, మూడో ఏడు 844. కలిపితే 3,469. అంటే చివరి వంద మంది ఖర్చు మూడో ఏడు చందా కట్టినప్పుడే పూర్తిగా తిరిగొస్తుంది.

ఖాతా_పుస్తకం:
ఇది బాగుంది. ఈ లెక్క నా దగ్గరికి తెచ్చినవాళ్లు లేరు, తెస్తే నేను వింటాను. కానీ ఒకటి. శాతం అన్నది పూర్తిగా అలవాటేనంటే ఒప్పుకోను. పెద్ద కంపెనీలు కూడా ఏళ్ల తరబడి దాదాపు అదే నిష్పత్తి దగ్గర ఉంటాయి. అందరూ మూర్ఖులా?

నీలి_సిరా:
కాదు, ఇందులో మీకు సగం న్యాయముంది. 1954లో డార్ఫ్‌మన్, స్టైనర్ అనే ఆర్థికవేత్తలు ఒక ఫలితం చూపించారు. లాభం గరిష్ఠంగా ఉన్నచోట ప్రకటనల ఖర్చుకూ అమ్మకాలకూ ఉండే నిష్పత్తి రెండిటి మీద ఆధారపడుతుంది: మార్జిన్ ఎంత, ఖర్చు 1 శాతం పెంచితే అమ్మకాలు ఎంత శాతం పెరుగుతాయి. రెండిటినీ గుణిస్తే నిష్పత్తి వస్తుంది. ఆ రెండూ మారకుండా ఉంటే సరైన బడ్జెట్ నిజంగానే అమ్మకాల్లో స్థిరమైన శాతం అవుతుంది.

కానీ చివరకు వచ్చే జవాబు అది. మనం మొదట్లోనే పెట్టుకునే అంకె కాదు. ఇక్కడ మార్జిన్ 60 శాతం. 10 శాతం బడ్జెట్ సరైనది కావాలంటే, ఖర్చు 10 శాతం పెంచినప్పుడు అమ్మకాలు సుమారు 1.67 శాతం పెరగాలి. పెరుగుతాయా? 2011లో సేతురామన్, టెల్లిస్, బ్రీష్ చాలా అధ్యయనాలను కలిపి చూస్తే సగటున తక్షణ ఫలితం 1.2 శాతం, దీర్ఘకాలంలో 2.4 శాతం వచ్చింది. మొదటిదాన్ని పట్టుకుంటే మీకు 7.2 శాతం చాలు, రెండోదైతే 14.4 శాతం. మీ ఫైనాన్స్ హెడ్ 10 రెండిటి మధ్యలో ఉంది. ఎన్నో బ్రాండ్ల సగటు అది, మీ కంపెనీ అంకె వేరే ఉంటుంది. నేను చెప్పేదల్లా, ఏ శాతమైనా ఇలాంటి ఒక నమ్మకాన్ని లోపల దాచుకుంటుంది. ఆ నమ్మకమేమిటో అడగండి.

తొలి_అడుగు:
మరి సొంత అంకె తెలుసుకునేదెలా? టెస్ట్ చేయమంటారు సరే, మేం రెండు వారాలు ఖర్చు రెట్టింపు చేసి చూశాం, ఏమీ తేలలేదు.

నీలి_సిరా:
రెండు వారాలు చాలవు. ట్రయల్ నెల రోజులుంటే డబ్బు కట్టేవాళ్లు ఆ నెల తర్వాతే కనిపిస్తారు. పైగా వారానికి పది, పన్నెండు అమ్మకాలుంటే వాటి సహజమైన ఎగుడుదిగుడే మీ ఫలితాన్ని మింగేస్తుంది. కొన్ని ప్రాంతాల్లో ఖర్చు పెంచి, వాటిలాంటివే మరికొన్నింట పాతంతే ఉంచి, ఒక త్రైమాసికమైనా చూడాలి. వ్యాపారం చిన్నదైతే అప్పుడు కూడా స్పష్టంగా తేలకపోవచ్చు.

ఆలోపు చేయగలిగింది ఒకటుంది. డబ్బు ఒకేసారి కాకుండా విడతలుగా అడగండి. మొదటి 2 లక్షలు అయ్యాక విజిట్ ఖర్చు మొదటి వారానికీ చివరి వారానికీ ఎంత తేడా ఉందో, ఎంతమంది ట్రయల్‌కి వెళ్లారో చూస్తే మూడింట రెండు లింకులు అప్పటికే తెలిసిపోతాయి.

ఖాతా_పుస్తకం:
విడతలకు నేనైతే ఒప్పుకుంటాను. పెంచి రాసే జబ్బుకు కూడా అదే మందు, మొదటి విడతకే అంకె బయటపడుతుంది. కానీ చివరి వంద మంది విషయంలో ఒప్పుకోను. మూడో ఏడు తిరిగొచ్చే డబ్బును చిన్న కంపెనీ ఈ ఏడు ఖర్చు పెట్టలేదు.

నీలి_సిరా:
ఆ వంద మందిని వదిలేస్తే ఏడాది తిరిగేసరికి కంపెనీ వంద మంది మేర చిక్కిపోతుంది. అదీ ఖర్చే, పుస్తకంలో కనిపించదంతే.

మొదటి_బడ్జెట్:
రేపు మీటింగ్‌కి 500 మందికీ 600 మందికీ రెండు అంకెలూ పట్టుకెళ్తున్నాను, మొదటి విడతకు 2 లక్షలు అడుగుతాను. 3 లక్షలు కొత్తవాళ్ల మీద కాకుండా రెన్యువల్ పెంచడానికి పెడితే ఎలా ఉంటుందని ఇప్పుడే తట్టింది. వెళ్లిపోయే 600 మందిలో వంద మందిని ఆపితే చాలు కదా? అది అసలు మార్కెటింగ్ బడ్జెట్లోకి వస్తుందా, సపోర్ట్ వాళ్ల ఖర్చులోకి వస్తుందా అన్నది మాత్రం మా ఆఫీసులో ఎవరూ తేల్చలేదు.