ఎర్రచీర చూసి ఎద్దు కుమ్మిందంటే నమ్మాలా?

సుజాత_గుంటూరు: పోయిన నెల పక్కింటివాళ్ల ఎద్దు మా అమ్మను కుమ్మింది. "ఎర్రచీర కట్టుకుని గిత్త ముందుకెళ్తే ఊరుకుంటుందా" అంటున్నారు వాళ్లు. ఎద్దుకు ఎరుపంటే నిజంగా కోపమా?

గిత్తలరైతు: నిజమేనమ్మా. నలభై ఏళ్లుగా పశువుల మధ్యే ఉన్నాను. నా ఎర్ర తువ్వాలు కనబడితే మా కోడె బుసకొట్టేది. స్పెయిన్ వాళ్లు ఊరికే ఎర్రగుడ్డ పడతారా?

పశువుల_డాక్టర్: ఆ స్పెయిన్ ఆటే చూడండి. ఎర్రగుడ్డ ములేతా వచ్చేది ఆఖరి ఘట్టంలోనే. మొదట్లో ఆడించే పెద్ద గుడ్డ కపోతే ఒకవైపు ముదురు గులాబీ, రెండోవైపు ఎక్కువగా పసుపు. దాని మీదికీ ఎద్దు అదే ఊపున దూకుతుంది. దూకేది కదులుతున్న గుడ్డ మీదికి.

నెట్‌పురుగు: అసలు పశువులకు రంగులే కనబడవు. అంతా నలుపు తెలుపే.

పశువుల_డాక్టర్: అదీ తప్పే. రంగు పట్టే కణాలు మనకు మూడు రకాలైతే వాటికి రెండు. నీలానికీ పసుపుకీ తేడా తెలుస్తుంది. 2001లో వచ్చిన ఒక పరిశోధనలో దూడలు ఎర్ర వెలుగును మిగతావాటి నుంచి వేరు చేయగలిగాయి, ఆ వెలుగులో కాస్త ఎక్కువగా కదిలాయి కూడా. అంతమాత్రాన అది కోపమని చెప్పలేం.

గిత్తలరైతు: చూశారా! ఎరుపు తెలుస్తుందని మీరే ఒప్పుకున్నారు.

పశువుల_డాక్టర్: తెలియడం వేరు, మీద పడటం వేరు. 2007లో మిత్‌బస్టర్స్ టీవీ కార్యక్రమంలో ఎర్రబట్టల మనిషిని బరిలో కదలకుండా నిలబెట్టారు. ఎద్దు అతన్ని వదిలేసి, అటూ ఇటూ తిరుగుతున్నవాళ్ల వెంట పడింది. ఇంతకీ మీ కోడెకు తెల్ల తువ్వాలు ఎప్పుడైనా చూపించారా?

గిత్తలరైతు: పొలంలో తెల్లది ఎవడు వేసుకుంటాడు? పేడ ఎత్తనివాళ్లు నాకు పాఠాలు చెప్పొద్దు.

చేపలపిచ్చి: గోల్డ్‌ఫిష్‌కు మూడు సెకన్లే జ్ఞాపకం అన్నదీ ఇలాంటిదే. మా ఇంట్లోవి మేత డబ్బా చప్పుడు వింటేనే పైకొస్తాయి.

సుజాత_గుంటూరు: చేపల సంగతి తర్వాత. ఒక మాట ముందే చెప్పాల్సింది. ఆ రోజు ఎద్దు పలుపు తెగిపోయి ఉంది. అంతకు రెండు రోజుల ముందు పాలు పోసే అబ్బాయినీ తరిమింది. అతనిది తెల్ల చొక్కా.

పశువుల_డాక్టర్: అయితే చీర రంగు గురించి మాట్లాడటమే అనవసరం. తరిమిందని తెలిశాక కూడా పాత పలుపుతోనే ఎందుకు వదిలేశారో అడగండి.

గిత్తలరైతు: అందరూ ఇలాగే రైతు మీద పడతారు. మా కోడె ఒకాయన్ని పొడిస్తే ఆసుపత్రి ఖర్చంతా నాతోనే కట్టించారు. ఆయనదీ ఎర్ర చొక్కానే, ఎవరూ వినలేదు.

సుజాత_గుంటూరు: బాబాయ్, అప్పుడు మీ కోడెను కట్టేసే ఉంచారా?

గిత్తలరైతు: ముకుతాడు ఉంది. కట్టు కాస్త వదులైంది, అంతే.