రిటైనర్ ముగిస్తున్నాను, నోటీసు నెలలో ప్యాకేజింగ్ పని సంగతేంటి?

ఒక ఫుడ్ బ్రాండ్‌కి నెలవారీ రిటైనర్ మీద డిజైన్ చేస్తున్నాను. ఒప్పందం ప్రకారం నెలకి 35,000 రూపాయలు, 12 సోషల్ మీడియా పోస్టులు, ఒక బ్రోచర్, ఒక్కోదానికి రెండు విడతల మార్పులు. ఇప్పుడు రీల్స్ ఎడిటింగ్, వెబ్‌సైట్ బ్యానర్లు, కొత్త పచ్చళ్లకి లేబుళ్లు కూడా ఇందులోనే చేయమంటున్నారు. మార్పులకైతే అంతే లేదు.

అదనపు పనికి రేట్ కార్డు పంపాను, "ఈ నెలకి సర్దుకోండి" అన్నారు. గంటల లెక్క ఇన్‌వాయిస్‌కి జత చేశాను, రిటైనర్ మొత్తం మాత్రమే వేశారు. రిటైనర్ పెంచమంటే బడ్జెట్ లేదన్నారు. అందుకే మానేస్తున్నాను.

ఒప్పందంలో 30 రోజుల నోటీసు ఉంది. బాకీ మొత్తం చెల్లించాకే సోర్స్ ఫైళ్లు, హక్కులు వాళ్లకి వెళ్తాయని కూడా ఉంది. చిక్కల్లా లేబుళ్ల దగ్గరే. ఆరు రకాల్లో నాలుగు ప్రింటర్‌కి వెళ్లాయి, రెండు సగంలో ఉన్నాయి. ఒప్పందంలో లేని పని కాబట్టి ఆపేయొచ్చు, కానీ ఆపితే చివరి ఇన్‌వాయిస్ తొక్కిపెడతారేమో. ఉచితంగా పూర్తిచేస్తే అదీ రిటైనర్‌లో భాగమేనని ఒప్పుకున్నట్టవుతుంది.

నోటీసు మెయిల్‌లోనే ఆ రెండు లేబుళ్లకి విడిగా కొటేషన్ పెట్టి, 50 శాతం అడ్వాన్స్ వస్తేనే చేస్తానని రాయడం మంచిదా, లేక ముందు చివరి చెల్లింపు వచ్చేదాకా ఆ మాట ఎత్తకపోవడమే మేలా?