4ఎక్సెల్ కుర్తీకి ఇంకో ఫిట్ మోడల్ కావాలా, గ్రేడింగ్ చాలా?

అనంతపురం కుర్తీ: మా లేబుల్‌లో ఎస్ నుంచి ఎక్సెల్ దాకానే ఉంది. 4ఎక్సెల్ దాకా అడుగుతున్నారు. ఎం మీద ఫిట్ చూసిన ప్యాటర్న్‌నే గ్రేడ్ చేసుకుంటూ పోతే సరిపోదా? ఇంకో మోడల్ దండగ అంటున్నాడు మా పార్ట్‌నర్.

కర్నూలు ప్యాటర్న్: ఎక్సెల్ దాకా పోతుంది, ఆపైన భుజం దగ్గర దొరికిపోతారు. మీ ఎం ఒంటి చెస్ట్ 36, భుజం పద్నాలుగున్నర అనుకోండి. సైజుకు చెస్ట్ 2 ఇంచులు, భుజం అర ఇంచు పెంచుతూ పోతే 4ఎక్సెల్‌కు చెస్ట్ 46, భుజం 17 అవుతుంది. ఒళ్లు పెరిగినంతగా ఎముక పెరగదు కదా. 46 చెస్ట్ ఉన్న చాలామందికి ఆ భుజం చేతి మీదికి జారుతుంది. అందుకే ఎం బేస్‌తో ఎక్సెల్ దాకా, 3ఎక్సెల్ మీద ఫిట్ చూసిన వేరే బేస్‌తో పైవి తీయండి.

ఆదోని టెక్స్‌టైల్స్: మోడల్ ఎందుకన్నా? మా కౌంటర్ పాపకే తొడిగి ఫొటోలు తీస్తాం, బాగానే వస్తాయి.

కర్నూలు ప్యాటర్న్: అది ఫొటో మోడల్ అన్నా. ఆమెకు వెనక పిన్నులు పెట్టి సరిపెట్టొచ్చు. ఫిట్ మోడల్‌కు అట్ల కుదరదు.

కడప కటింగ్: మోడల్‌కు తొడిగితే చంక దగ్గర పట్టేస్తుంది, చెయ్యి ఎత్తనీదు. చంక కిందికి ఇంకో ఇంచు కోసేస్తే సరి.

ప్రొద్దుటూరు బొటిక్: సగమే నిజం. చెయ్యి దించినప్పుడే చంకలో ఒత్తితే పావు ఇంచు కోయండి. ఎత్తినప్పుడు మాత్రమే కుర్తీ మొత్తం పైకి లేస్తుంటే, చంక ఇంకా కిందికి కోస్తే ఇంకా ఎక్కువ లేస్తుంది. అప్పుడు చంక పైకి తెచ్చి, చేతి పైభాగం వెడల్పు చేసి, చేతి గుండ్రం ఎత్తు కాస్త తగ్గించాలి. చేతుల్లేని డమ్మీ మీద ఈ తేడా కనపడదు.

ఇంకోటి. పెద్ద సైజులో ముందు అంచు లేచి, పక్క కుట్టు ముందుకు వాలి, చెస్ట్ నుంచి చంకకు ఏటవాలు ముడతలు వస్తే, బిగువని పక్క కుట్టు వదలడం తప్పు. ముందు భాగం పొడుగు చాలలేదు. చెస్ట్ దగ్గర ప్యాటర్న్ కోసి, ముక్కాలు ఇంచు తెరిచి, ఆ ఎక్కువైంది డార్ట్‌లోకి తియ్యండి. కోరా గుడ్డలో కుట్టి మళ్లీ తొడగండి. నిలబెట్టి చూస్తే చాలదు, కూర్చోబెట్టండి. తుంటి దగ్గర కట్స్ నోరు తెరుస్తాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ప్రతిసారీ మోడల్ కొలత ముందు తీసుకోండి. ఆమె 2 ఇంచులు మారి ఉంటే మీరు దిద్దేది తప్పు ప్యాటర్న్‌ను.

కడప కటింగ్: సరే, చేతి గుండ్రం మాట ఒప్పుకుంటా. కానీ 4ఎక్సెల్‌కు గుడ్డ ఎక్కువ పడుతుంది, రేటు మాత్రం ఒకటే పెట్టాల. పది పీసులు మూలన పడితే?

ప్రొద్దుటూరు బొటిక్: ముందు మార్పిడి పుస్తకం తిరగేయండి. ఎక్సెల్ తీసుకున్నవాళ్లు ‘ఇంకో సైజు ఉందా’ అని ఎన్నిసార్లు వచ్చారో లెక్కేసి, 3ఎక్సెల్ దాకా పెట్టి చూడండి.

కర్నూలు ప్యాటర్న్: అది నేనొప్పుకోను. 4ఎక్సెల్ వాళ్లు షాపుకొచ్చి అడగరు, చార్ట్ చూసి వెళ్లిపోతారు. పుస్తకంలో వాళ్ల లెక్క ఎక్కదు.

అనంతపురం కుర్తీ: 3ఎక్సెల్ కోరా శాంపిల్ ముందు కుట్టిస్తా. రేయాన్ అయితే ఉతికి, ఒక రాత్రి వేలాడదీసి తొడగాల్నా?

ప్రొద్దుటూరు బొటిక్: ఔను, అంచు సాగుతుంది. కానీ రేయాన్ కుర్తీకి కోరా శాంపిల్ భుజానికి, చంకకే నమ్మండి. పడే తీరు అసలు గుడ్డతోనే చూడాల.