ఒకే కుక్కర్ పప్పు, ఒక్కరికే లెక్క: మీ ఇళ్లలో ఎలా నెట్టుకొస్తున్నారు?

శైలు, కె.ఆర్. పురం
మా ఇంట్లో ఐదుగురం. అత్తయ్య, మావయ్య, మేమిద్దరం, పాప. మా ఆయన జిమ్‌లో చేరారు. రోజుకి 1,700 క్యాలరీలు, 110 గ్రాముల ప్రోటీన్ అని రాసిచ్చారు. మాకు ఎప్పటిలాగే అన్నం, పప్పు, కూర, పెరుగు. రెండు వంటలు చేసే ఓపిక నాకు లేదు, చేస్తే అత్తయ్యకి కోపం. అందరికీ కలిపి వండిన పప్పులో ఆయన వాటా ఎలా లెక్కేయాలి? మంగళవారం, శనివారం ఇంట్లో గుడ్డు ముట్టుకోం, ఆ రోజుల సంగతేంటి? ఆదివారం బిర్యానీ రోజు ఏం చేస్తారు?

ఫిట్‌బాస్ బీటీఎం
చాలా సింపుల్ అక్కా. కందిపప్పు 100 గ్రాములకి 22 గ్రాముల ప్రోటీన్. పెద్ద గిన్నెడు ముద్దపప్పు తింటే 40 దాటిపోతుంది. అన్నం పూర్తిగా మానేయమనండి. నేను బీటీఎంలో ఎంతోమందికి ట్రైనింగ్ ఇచ్చాను, అందరికీ ఇదే చెప్తా, రిజల్ట్ గ్యారంటీ.

అంబత్తూరు అత్తయ్య
మా అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఎంత తిన్నా ఒళ్లు పట్టదు. పొద్దున్నే రాగి జావ, నెయ్యి వేసిన పప్పన్నం పెడుతున్నాను. వాడికి కూడా ఈ లెక్క పనికొస్తుందా అమ్మా?

తూకం రావు
ఫిట్‌బాస్ గారూ, ఆ 22 పచ్చి పప్పుకి. కుక్కర్లో నీళ్లు పోశాక అదే 22 ఎక్కడికీ పోదు, కానీ నాలుగైదు రెట్ల బరువులో పరుచుకుంటుంది. గిన్నెడు పప్పులో 40 రావాలంటే గిన్నె కాదు, కుక్కరే ముందు పెట్టుకోవాలి.

శైలు గారూ, నేను ఒక కంపెనీ క్యాంటీన్లో వంట ఖర్చుల లెక్క చూసేవాణ్ని. అక్కడి పద్ధతే ఇంట్లోనూ వాడుతున్నాను. ఖాళీ కుక్కర్‌ని మూత లేకుండా ఒకసారి తూచి, ఆ అంకె అలమారా తలుపు లోపల రాసి పెట్టుకోండి. మాది 1,640 గ్రాములు. పప్పు వండేటప్పుడు లోపలికి వెళ్లేవి మాత్రం తూచండి. మొన్న మా ఇంట్లో కందిపప్పు 200 గ్రాములు, టమాటాలు 200, తాలింపుకి నూనె, నెయ్యి కలిపి 30. పప్పుకి దాదాపు 680 క్యాలరీలు, టమాటాకి 40, తాలింపుకి 270. మొత్తం 990. ప్రోటీన్ సుమారు 44, దాదాపు అంతా పప్పుదే. అంతా అయ్యాక కుక్కర్ 2,740 తూగింది. ఖాళీ బరువు తీసేస్తే పప్పు 1,100 గ్రాములు. అంటే 100 గ్రాముల వండిన పప్పులో 90 క్యాలరీలు, 4 గ్రాముల ప్రోటీన్. మా వాడికి 250 గ్రాములు వడ్డిస్తే 225 క్యాలరీలు, 10 గ్రాములు. నీళ్లు ఎక్కువ పోసినా, తక్కువ పోసినా లెక్క తప్పదు, ఎందుకంటే ఆఖరి బరువు కుక్కరే చెప్తుంది.

రెండు జాగ్రత్తలు. వేడి కుక్కర్‌ని నేరుగా తూకం మీద పెట్టకండి. ముందు ఒక చెక్క పెట్టి, అంకెను సున్నా చేసి, దాని మీద కుక్కర్ పెట్టండి. ఇక రెండోది అందరూ మర్చిపోయేది: తాలింపు నూనె పైన తేలుతుంది. కలపకుండా మొదటి గరిటె ఆయనకి వేస్తే నూనెలో ఎక్కువ భాగం ఆయనకే పోతుంది. అడుగు నుంచి బాగా కలిపాకే తూచండి.

పెసరట్టు99
ఇంత లెక్కలేసుకుని తినేవాడు ఇంట్లో వాళ్లతో మాట్లాడేది ఎప్పుడు? మా ఆవిడ పళ్లెం పక్కన తూకం పెడితే మా అమ్మ ఏమందో ఇక్కడ రాయలేను.

ఫిట్‌బాస్ బీటీఎం
రావు గారూ, క్యాంటీన్ వేరు, బాడీ వేరు. నా క్లయింట్లు పచ్చి బరువే యాప్‌లో పెడతారు. వండాక తూచడం తప్పు పద్ధతి.

తూకం రావు
ఒక్కడికే వండుకునేవాడు పచ్చి బరువు పెట్టుకుంటే సరిపోతుంది, అందులో మీ మాట నిజమే. ఐదుగురి కుక్కర్లోంచి పచ్చి పప్పు ఎలా విడదీస్తారు? ఇంకోటి, యాప్‌లో ‘వండిన పప్పు’ అని వెతికితే ఒకరు చారులా చేసింది ఉంటుంది, ఇంకొకరు ముద్దగా చేసింది ఉంటుంది. ఆ అంకె మీ వంటది కాదు.

మైలాపూర్ మూర్తి
అసలు విషయం నూనె. మేము గానుగ నువ్వుల నూనె తప్ప వాడం. సహజమైనది కాబట్టి ఒంట్లో పేరుకోదు, దాన్ని లెక్కలో వేయక్కర్లేదు. రిఫైన్డ్ నూనెతోనే తంటా.

వేళచ్చేరి వదిన
మూర్తి గారూ, గానుగదైనా రిఫైన్డ్ అయినా గ్రాముకి 9 క్యాలరీలే. రుచి గురించి చెప్పండి, ఒప్పుకుంటా. లెక్కలోంచి తీసేస్తే మాత్రం ఆ మనిషి నెలాఖరుకి బరువు తగ్గక నా వంటలో తప్పుందంటాడు. మా ఇంట్లో జరిగింది అదే. మా మరిది ‘వదినా, నువ్వు నూనె ఎక్కువ పోస్తున్నావు’ అని అందరి ముందూ అన్నాడు. వేపుడు బాణలిలో మిగిలిన నూనె తూచి చూపించాక నోరు మూశాడు. బెండకాయ వేపుడు రెండో పూట కూడా అడిగింది తనే.

మైలాపూర్ మూర్తి
మా తాతగారు ఇదే నూనె తాగినంత పని చేశారు, చివరిదాకా నిటారుగా నడిచారు. మీ 9 క్యాలరీల మాట ఆయనకి చెప్పండి.

వేళచ్చేరి వదిన
మీ తాతగారు మెట్రోలో కూర్చుని ఆఫీసుకి వెళ్లారా అండీ?

పెసరట్టు99
మూర్తి గారూ, చెన్నైలో మంచి చెక్కు నూనె ఎక్కడ దొరుకుతుంది? మా వీధిలో కొన్నది వారానికే కంపు కొట్టింది.

మైలాపూర్ మూర్తి
కళ్లముందు ఆడించే చోట కొనండి. సీసాలో అడుగున మడ్డి తేరనిచ్చి పైది వాడండి. ఎండ తగిలే చోట పెట్టొద్దు.

శైలు, కె.ఆర్. పురం
నూనె సంగతి తర్వాత చూద్దామండీ. రావు గారూ, మీరు చెప్పినట్టు చేసి చూశాను, అంకె వచ్చింది. కానీ పూటకి 10 గ్రాములతో 110 ఎప్పటికి అవుతుంది?

తూకం రావు
పప్పుతో కాదమ్మా. ఉమ్మడి వంట కడుపు కోసం, ప్రోటీన్‌కి పక్కన ఇంకోటి ఉండాలి. గుడ్డు లేని రోజుకి మీల్ మేకర్ చూడండి. ఎండుగా ఉన్నప్పుడే 40 గ్రాములు తూచండి. నానాక బరువు మూడింతలు అవుతుంది, అప్పుడు తూచి ఎండు లెక్క రాసుకున్నవాళ్లు చాలామంది. మరిగే ఉప్పు నీళ్లలో వేసి, చల్లటి నీళ్లలో రెండుసార్లు పిండితే ఆ పసరు వాసన పోతుంది. మీరు పోపు వేసిన మూకుడులోనే, అడుగున మిగిలిన నూనెలో మిరియాల పొడి చల్లి వేయించండి. వేరే వంట చేసినట్టు కూడా కనపడదు.

ఒక పూట చూద్దాం. బియ్యం 60 గ్రాములకి వచ్చే అన్నం, ఆ పప్పు 250, బీన్స్ కూర ఒక గిన్నె, పెరుగు 150, మీల్ మేకర్ 40. అన్నీ కలిపి 765 క్యాలరీల దాకా, ప్రోటీన్ 43. అందులో సగం మీల్ మేకర్‌దే. అన్నం మానక్కర్లేదు, తగ్గితే చాలు. బియ్యానికి కూడా కుక్కర్ పద్ధతే, కొత్త బియ్యం పాత బియ్యంలా ఒదగదు కాబట్టి ‘కప్పు అన్నం’ లెక్క నమ్మకండి.

ఫిట్‌బాస్ బీటీఎం
సోయాతో మగవాళ్లకి హార్మోన్లు దెబ్బతింటాయి. ఇది అందరికీ తెలిసిందే. నేనైతే వే పౌడర్ ఒక స్కూప్ ఇస్తా, గొడవ లేదు.

వేళచ్చేరి వదిన
అందరికీ తెలిసిందే అంటే ఎవరికీ తెలియదని అర్థం. 40 గ్రాముల మీల్ మేకర్‌తో ఏ మగవాడికీ ఏమీ కాదు. పౌడర్ ఖరీదు ఎవరిస్తారు, మీరా?

ఫిట్‌బాస్ బీటీఎం
నాలెడ్జ్ లేనివాళ్లతో వాదించను.

వేళచ్చేరి వదిన
పప్పు గిన్నెలో 40 గ్రాములు చూపించినవాళ్ల నాలెడ్జ్ మాకూ వద్దులెండి.

బనశంకరి బాబు
గొడవ మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా ఇంట్లో కథ తిరగబడింది. నాన్నగారికి కిడ్నీ సమస్య, డాక్టర్ ప్రోటీన్ తగ్గించమన్నారు. తమ్ముడేమో జిమ్. ఒకే సాంబారులో ఒకరికి పప్పు తక్కువ, ఒకరికి ఎక్కువ. నేను పైన తేట నాన్నగారికి, అడుగు ముద్ద తమ్ముడికి వేస్తున్నాను. ఇది సరేనా?

తూకం రావు
బాబు గారూ, తేటలో పప్పు తక్కువ ఉంటుందన్న మాట నిజం, ఎంత తక్కువో చెప్పలేం. తమ్ముడి విషయంలో అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. నాన్నగారికి అంచనాలొద్దు. ఆ గిన్నె వేరుగానే ఉండనివ్వండి, ఎంత పప్పు, ఏ కూరలు అనేది ఆసుపత్రి డైటీషియన్ రాసిచ్చినట్టే చేయండి. వాళ్లకి కూరగాయల్లోనూ షరతులుంటాయి.

అంబత్తూరు అత్తయ్య
మా వాడి సంగతి ఎవరూ చెప్పలేదు.

వేళచ్చేరి వదిన
అత్తయ్య గారూ, మీ వాడికి లెక్క తిరగేయండి. ఆ పప్పే, తాలింపు నెయ్యి ఇంకో చెంచా, పక్కన రెండు గుడ్లు. ముందు కాలేజీలో మధ్యాహ్నం ఏం తింటున్నాడో అడగండి, ఇంట్లో పెట్టేది కాదు అసలు సమస్య.

శైలు, కె.ఆర్. పురం
బిర్యానీ గురించి ఎవరైనా చెప్తారా? హండీ తూచి భాగిస్తే చాలా?

తూకం రావు
చాలదు. పప్పు అంతటా ఒకేలా ఉంటుంది, కాబట్టి సగటు పనిచేసింది. బిర్యానీలో ప్రోటీన్ ముక్కల్లో ఉంటుంది, నెయ్యి అన్నంలో ఉంటుంది. గరిటెలో నాలుగు ముక్కలు పడ్డవాడికీ, ఒక్కటి పడ్డవాడికీ అంకె ఒకటే చూపిస్తుంది. కోడికూరైనా అంతే. నేను ఎముక లేని ఛాతీ ముక్క 150 గ్రాములు పచ్చిగా తూచి, మిగతావాటికంటే పెద్దగా నాలుగు ముక్కలు కోసి అదే మసాలాలో వేస్తాను. వండాక ఆ నాలుగూ ఏరి ఆయన పళ్లెంలో పెడితే 33, 34 గ్రాములు వచ్చినట్టే. అన్నం మాత్రం వేరే తూచాలి, పైపొరలో నెయ్యి ఎంతుందో ఎవరూ చెప్పలేరు కనుక కాస్త ఎక్కువే అనుకుని రాసుకోండి.

పెసరట్టు99
దమ్ బిర్యానీలో ఛాతీ ముక్కా? పీచు పీచుగా అయిపోతుంది సార్. తొడ ముక్క లేని బిర్యానీ బిర్యానీయేనా?

తూకం రావు
మసాలాలో పెరుగు ఎక్కువ వేసి, ఆ నాలుగు ముక్కలూ అడుగున కాకుండా అన్నం మధ్యలో పెట్టండి.

పెసరట్టు99
మధ్యలో పెడితే ఉడుకుతుందా? మా మావయ్య వంటవాడు, ఆయన్ని అడిగి చెప్తా. అప్పటిదాకా నేను ఒప్పుకోను.

వేళచ్చేరి వదిన
మావయ్య గార్ని అడిగేటప్పుడు బిర్యానీకి నెయ్యి ఎంత పోస్తారో కూడా అడగండి. మా మరిది ఈ ఆదివారం తింటానంటున్నాడు, ఈసారి తూకం తనే పట్టుకుంటాడట.