ఫొటో చూసి ఎన్95 మాస్కు నకిలీ అని చెప్పేయొచ్చా?

చీమకుర్తి రవి: మా గ్రానైట్ కోత షెడ్డుకి వంద మాస్కులు తెప్పించాను. ముందువైపు, పట్టీ అతికిన చోటు, వెలుతురుకు పట్టినప్పుడు, మూడు ఫొటోలు పెట్టాను. పైన NIOSH N95 అని ఉంది. చెవి పట్టీలు, గుడ్డ పల్చన. ఇవి నకిలీవా?

సుజాత (ఫ్యాక్టరీ భద్రత): రవిగారూ, నాకు మొదటి ఫొటోయే చాలా చెప్పింది. NIOSH అనే అమెరికా సంస్థ అనుమతి ఉన్న మాస్కు మీద తయారీదారు పేరు, మోడల్ నంబరుతో పాటు TC-84A- అని మొదలయ్యే అనుమతి నంబరు ఉండాలి. పట్టీల మీద, అంచుల మీద కూడా వెతకండి. ఎక్కడా లేకపోతే దాన్ని అనుమతి ఉన్న మాస్కుగా లెక్కవేయకండి.

కిరణ్: అంత వెతుకులాట దేనికి? చెవి పట్టీ ఉందంటే నకిలీయే.

సుజాత: ఇది NIOSH పేరు పెట్టుకుంది కాబట్టి ఇక్కడ మీ అనుమానం సరైనదే, ఆ అనుమతి ఉన్న వాటికి తల వెనక పట్టీలు వస్తాయి. చైనా కేఎన్95కి మాత్రం చెవి పట్టీలు మామూలే. మన ఐఎస్ఐ మాస్కుల్లోనూ ఉంటాయి. వాటి మీద IS 9473 అనే ప్రమాణం, CM/L అని మొదలయ్యే లైసెన్సు నంబరు చూసి, ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో తెలుస్తుంది. నన్ను భయపెట్టింది రెండో ఫొటో. పట్టీ చివర వేడితో అతికించిన చోట గుడ్డ కరిగి, సూది మొనంత చిల్లు కనబడుతోంది. ధూళి అందులోంచి నేరుగా లోపలికి పోతుంది.

లక్ష్మి, గుంటూరు: మిర్చి యార్డులో నేను కట్టుకునే నీలం మాస్కూ పల్చనే. అదీ నకిలీయేనా అండీ?

సుజాత: కాదమ్మా, అది సర్జికల్ మాస్కు. ఎన్95 అని చెప్పుకోదు. కానీ బుగ్గల పక్కన ఖాళీ ఉంటుంది, ఘాటు అక్కణ్ణుంచే వస్తుంది.

మెడికల్ షాపు ప్రసాద్: పల్చదనాన్ని సాక్ష్యంగా తీసుకోవద్దు. మధ్యలో ఉండే మెల్ట్‌బ్లోన్ పొర సన్నటి ధూళిని పట్టేది ఎక్కువగా స్థిర విద్యుత్తుతో. మందంగా ఉండి పనికిరానివీ ఉంటాయి. ఇంకో మాట, నంబరు ఉన్నా నమ్మలేం. వేరే కంపెనీ నంబరు కొట్టేసి ముద్రిస్తారు.

సుజాత: ఒప్పుకుంటాను. అందుకే నంబరును NIOSH జాబితాలో తయారీదారు పేరుతో సరిచూడాలి. రవిగారూ, ఒక మాస్కు కోసి అంచు ఫొటో పెట్టండి. మధ్య పొర అసలు లేకపోతే అక్కడే తేలిపోతుంది. ఉంటే, దానిలో విద్యుత్తు మిగిలి ఉందో లేదో ఏ ఫొటోలోనూ కనబడదు, ల్యాబులో పరీక్షించాల్సిందే.

చీమకుర్తి రవి: కోశాను. నంబరు ఎక్కడా లేదు. పొరలు రెండే, రెండూ ఒకే రకం గరుకు గుడ్డ.

ప్రసాద్: కొన్నిటిలో పొరలు అంటుకుపోయి ఉంటాయి. పిన్నుతో విడదీసి చూడండి.

సుజాత: విడదీయండి, కానీ మూడో పొర దొరికినా నా మాట మారదు. నంబరు లేదు, పట్టీ దగ్గర చిల్లుంది. మీ షెడ్డులో లేచేది ఊపిరితిత్తులను దెబ్బతీసే సిలికా ధూళి. ఆ వందా వాపసు పంపండి.

ప్రసాద్: వాపసు సరే. ఫొటో చూసి నకిలీ అని రాసివ్వడానికి మాత్రం నేను ఒప్పుకోను.