అప్‌డేట్: నాన్నగారి రక్తహీనతకు కారణం తెలిసింది

నా ప్రశ్న: “నాన్నగారికి 64 ఏళ్లు. హిమోగ్లోబిన్ 8.4, ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ 9. మలంలో రక్తం కనిపించడం లేదు. ఐరన్ మాత్రలు చాలవా?”

మీరు సూచించినట్లే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలిశాము. ఎండోస్కోపీలో కడుపులో స్వల్పమైన వాపు మాత్రమే కనిపించింది; గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధి ఉందేమో చూడడానికి చిన్నపేగు మొదటి భాగం నుంచి తీసిన ముక్కల్లోనూ దోషం లేదు. అంత స్వల్పమైన వాపు ఇంతటి ఇనుము లోపానికి కారణం కాదని చెప్పి, డాక్టరుగారు కొలనోస్కోపీ కూడా చేశారు. ఐరన్ మాత్రల వల్ల మలం నల్లగా, జిగటగా మారి పేగు గోడ సరిగా కనిపించదు కనుక, వాటిని వారం ముందే ఆపించారు.

పెద్దపేగు మొదట్లో, కుడివైపున, క్యాన్సర్ గడ్డ బయటపడింది. అక్కడ మలం ఇంకా ద్రవంగానే ఉండడం వల్ల అడ్డంకి తెలియదట, కొద్దికొద్దిగా కారే రక్తం అందులో కలిసిపోయి కంటికి కనిపించదట. సీటీ స్కానులో కాలేయానికి పాకిన జాడ లేదు. శస్త్రచికిత్సకు తేదీ ఇచ్చారు.