అప్‌డేట్: మెథోట్రెక్సేట్ ఇచ్చిన నాలుగో రోజు పెరిగిన హెచ్‌సీజీ

నేను అడిగినది: "మా చెల్లెలికి ట్యూబులో గర్భం వచ్చింది. ఆ గర్భం పెరగకుండా ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇచ్చాక రక్తంలో హెచ్‌సీజీ అనే గర్భ హార్మోను పెరిగింది. ఇక ఆపరేషన్ తప్పదా?"

ఆపరేషన్ అవసరం పడలేదు. ఇంజెక్షన్ నాడు 1,840 ఉన్న హెచ్‌సీజీ నాలుగో రోజుకు 2,310 అయింది. మందు పనిచేస్తున్నా తొలి రోజుల్లో ఇలా పెరగవచ్చుననీ, పోల్చవలసింది నాలుగో రోజు అంకెను ఏడో రోజు అంకెతోననీ విజయనగరంలోని డాక్టరు గారు వివరించారు. ఆ మధ్యలో కనీసం 15 శాతం తగ్గాలి. ఏడో రోజు 1,720 వచ్చింది, అంటే సుమారు 25 శాతం తగ్గింది. తగ్గకపోయి ఉంటే రెండో డోసో, ఆపరేషనో ఆలోచించేవారు.

బీపీ నిలకడగా ఉండడం, స్కానింగులో గడ్డ చిన్నదిగా ఉండి పిండానికి గుండె చప్పుడు లేకపోవడం, కడుపులో రక్తం చేరకపోవడం, కాలేయం, కిడ్నీ, రక్త పరీక్షలు బాగుండడం చూశాకే మందు ఎంచుకున్నారు. బొబ్బిలి దగ్గరి పల్లెకు పంపకుండా ఆసుపత్రికి దగ్గరగా మా ఇంట్లోనే ఉంచమన్నారు. ఆ షరతు ఎంతో సబబైనది, ఎందుకంటే హెచ్‌సీజీ తగ్గుతున్నప్పుడు కూడా ట్యూబు పగలవచ్చు. తీవ్రమైన కడుపునొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపించారు. ఇప్పుడు వారానికోసారి, ఒకే ల్యాబులో, హెచ్‌సీజీ 5 లోపుకు దిగేదాకా పరీక్ష చేయిస్తున్నాము.